పలక మీద కాపురం

మొన్న గోడలకి రంగులు వేయిద్దామని బీరువా పక్కకి జరిపిస్తే, దాని వెనక నుంచి మా పాత పలక బయటపడింది. చెక్క చట్రం ఒక మూల వదులైంది గానీ మేకుకి తగిలించే తాడు మాత్రం అలాగే ఉంది. దుమ్ము తుడవబోయి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. సుద్ద వాసన ఇంకా పోలేదు. తుడిచీ తుడవనట్టు మసకగా ఆయన చేతిరాత: "లేపొద్దు. 12కి నేనే లేస్తా."

రంగులేసే అబ్బాయి "పారేయమంటారా అమ్మా?" అన్నాడు. ఉండనీ బాబూ అని పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పూట ఇక నాకు పని సాగలేదు.

మా ఆయన ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు విభాగం. నేను బళ్లో టీచర్ని. ఆయనకి మూడు షిఫ్టులు, వారానికొకటి మారేది. పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా బీ షిఫ్టు, పది నుంచి తెల్లారి ఆరు దాకా సీ షిఫ్టు. నా బడి ఏ వారమైనా ఒకటే, తొమ్మిది నుంచి నాలుగున్నర. ఈ రెండు గడియారాల మధ్యన మా కాపురం 31 ఏళ్లు నడిచింది.

బీ షిఫ్టు వారం మరీ అన్యాయం. నేను ఎనిమిదింపావుకి గడప దాటేసరికి ఆయన అప్పుడే కళ్లు నులుముకుంటూ ఉండేవారు. నేను ఐదింటికి తిరిగొస్తే ఇంటికి తాళం. రాత్రి పదిముప్పావుకి వీధి తలుపు దగ్గర ఆయన ఇనుప ముక్కు బూట్ల చప్పుడు. ఒకటి, రెండు, విప్పి పక్కన పెట్టిన శబ్దం. అప్పటికి నాకు సగం నిద్ర. అన్నీ కలిపితే ఆ వారంలో మేమిద్దరం మెలకువగా ఒకచోట ఉన్నది రోజుకి గంటన్నర మించదు.

అందుకే పలక. వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడేది. సుద్దముక్కలు నా బడి సంచి అడుగున ఎప్పుడూ ఉండేవి కాబట్టి వాటికి కరువు లేదు. "గ్యాస్ అయిపోయింది, చెప్పాను." "పాపకి జ్వరం. మందు 2కి వేశాను, మళ్లీ 8కి వెయ్యి." "కరెంటు బిల్లు ఇవాళే ఆఖరు." ఒక్కోసారి ఒకే ఒక్క మాట ఉండేది, "కోపం పోయిందా?" అని. దాని కింద నేను సున్నా చుట్టేదాన్ని. దానికి అర్థం పోయిందనో పోలేదనో ఆయనకే తెలియాలి. నాకైతే ఇప్పటికీ తెలీదు.

సీ షిఫ్టు వారంలో ఇంటి చప్పుళ్లన్నీ మారిపోయేవి. పగలు ఆయన పడుకుంటే కిటికీకి దళసరి దుప్పటి, గడియారం పక్క గదిలోకి, పాప కాళ్లకి మెత్తటి చెప్పులు. సెలవు రోజుల్లో గిన్నె కింద పెట్టాలన్నా కింద గుడ్డ వేసి పెట్టేదాన్ని. పాప ఆటకి పిలవడానికొచ్చిన పిల్లలకి గుమ్మంలోనే వేలు పెదవుల మీద పెట్టి చూపించేది, "నాన్న పడుకున్నారు" అని. మా పిల్ల మాటలు నేర్చిందే గుసగుసగా అని మేం నవ్వుకునేవాళ్లం.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఆ రోజుల్లో మా ఇద్దరికీ ఒకటే కల ఉండేది. రిటైరయ్యాక ఇద్దరం పగలంతా ఇంట్లో తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలని. ఏం మాట్లాడుకుంటామన్నది మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

*

ముందు ఆయన రిటైరయ్యారు. నాకింకా మూడేళ్ల సర్వీసు ఉంది. పదవీ విరమణ రోజున ఇంటికొచ్చి దండలు బల్ల మీద పెట్టి ఆయన చేసిన మొదటి పని పలక తీసెయ్యడం. "ఇక దీనితో పనేముందోయ్, ఎదురుగానే ఉంటాగా" అన్నారు. బీరువా వెనక్కి అది అలా చేరింది.

మొదటి రెండు నెలలు సెలవుల్లాగే గడిచాయి. సైరన్ మోగితే పక్క మీద నుంచి లేవకుండా వినడం ఆయనకో సరదా. కానీ ఒళ్లు అంత తొందరగా మాట వినలేదు. మూడు షిఫ్టుల్లో నలిగిన నిద్ర, ఒక్కోరోజు రాత్రి రెండింటికే లేచి కూర్చునేవారు. నేను అయిదింటికి లేచేసరికి ఆయనకి మధ్యాహ్నమైపోయినంత ఆకలి.

తర్వాత ఇంటి మీద పడ్డారు. ఒకరోజు బడి నుంచొచ్చి చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా వరసలో ఉన్నాయి, ప్రతి దాని మీదా కాగితం అంటించి పేరు. ఫ్యాక్టరీ స్టోర్సులో అలాగే పెడతారట. నేను 31 ఏళ్లుగా చీకట్లో కూడా చెయ్యి చాచి అందుకునే డబ్బా ఇప్పుడు పై అరలో ఉంది. "రోజూ వాడేది కింద ఉండాలి కదండీ" అంటే, "వాడకాన్ని బట్టి కాదు, సైజుని బట్టి పెడితే జాగా మిగులుతుంది" అన్నారు. నిజమే, జాగా మిగిలింది. ఆ మిగిలిన జాగాలో ఏం పెట్టాలో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

డబ్బాల గొడవ నవ్వుకుని మర్చిపోయేదే. అసలు ఇబ్బంది సాయంత్రం ఐదింటిది. నేను రోజుకి ఆరు పీరియడ్లు గొంతు చించుకుని, చెవుల్లో పిల్లల గోల ఇంకా ఆగకుండానే ఇంటికొచ్చేదాన్ని. నాకు కావలసింది ఒక్క అరగంట నిశ్శబ్దం. ఆయన పొద్దుటి నుంచి మనిషన్నవాడితో మాట్లాడకుండా ఉండి, నా అడుగుల చప్పుడు కోసం గుమ్మంలో నిలబడి ఉండేవారు. చెప్పు విప్పకముందే మొదలు. నీళ్ల మోటారు ఎన్ని నిమిషాలు ఆడింది, మీటర్ ఎంత తిరిగింది, ఎదురింటి వాళ్ల తలుపు బందు ఎలా అరిగిపోయింది. నేను "ఊఁ" అంటే పట్టించుకోవడం లేదని అలక. "కాసేపు ఆగండి" అంటే, "రోజంతా ఆగానుగా!"

ఇద్దరిదీ న్యాయమే. మాటల ఆకలితో ఒకరు, మాటలతో అజీర్తి చేసి ఇంకొకరు ఒకే గుమ్మంలో ఎదురుపడుతున్నాం. అప్పుడది నాకు ఇంత స్పష్టంగా తెలియలేదు. ఆయన మారిపోయారనుకున్నాను. ఆయనేమో ఉద్యోగం లేని మనిషి నాకు లోకువైపోయాడనుకున్నారట. ఆ మాట ఆయన చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

మా బళ్లో సాంఘిక శాస్త్రం చెప్పే సహోద్యోగి ఒకావిడ ఉండేది, ఏం చెప్పినా ఎక్కడ చదివిందో కూడా చెబుతుంది. స్టాఫు రూములో నా గోడు విని, 2001లో అమెరికాలో ఫిలిస్ మోయెన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సరిగ్గా దీని మీదే పరిశోధన ప్రచురించిందని చెప్పింది. రిటైరైన కొత్తలో దంపతుల మధ్య కీచులాటలు పెరుగుతాయట. అందులోనూ భర్త ఇంట్లో ఉండి, భార్య ఇంకా ఉద్యోగానికి వెళుతుంటే మరీ ఎక్కువట. ఇద్దరూ రిటైరై కొన్నేళ్లు గడిచిన వాళ్లలో మళ్లీ తగ్గుతాయట. "అయితే నాకు రెండు గండాలు మిగిలి ఉన్నాయన్నమాట" అన్నాను. అంతా నవ్వారు. నేను లెక్క తప్పలేదు.

*

రెండో గండం నా రిటైర్మెంటుతోనే వచ్చింది.

ఆయన ఉద్యోగం అయిపోతే ఆయనకి పని తగ్గింది. నా ఉద్యోగం అయిపోతే నాకు పని పెరిగింది. చెబితే విడ్డూరంగా ఉంటుంది గానీ లెక్క వేసి చూడండి. 34 ఏళ్లూ మధ్యాహ్నం భోజనమంటే మా ఇంట్లో క్యారియరే. పొద్దున్నే వండి, రెండు డబ్బాల్లో సర్దితే ఆ పూటకి వంటిల్లు మూతపడ్డట్టే. ఏ గిన్నెలో వండానో, ఎంతసేపు వండానో చూసేవాళ్లు లేరు. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి వేడిగా, బల్ల మీద, ఇద్దరికీ. పది గంటలకే గుమ్మంలో నిలబడి "ఇవాళ ఏం వండుతున్నావ్?" అనే ప్రశ్న. పదకొండుకి "ఇంకా మొదలెట్టలేదా?" అని ఇంకొకటి. నేను వండుతుంటే స్టవ్వు మంట వంక చూసి "గ్యాస్ వృథా అవుతోంది, మూత పెట్టు."

ఆ రోజుల్లో గ్రంథాలయంలో ఒక పత్రికలో చదివాను. జపాన్‌లో నొబువో కురొకవా అనే డాక్టరు దగ్గరికి తలనొప్పి, కడుపునొప్పి, నిద్రలేమి అంటూ నడివయసు దాటిన ఆడవాళ్లు వచ్చేవారట. ఆరా తీస్తే, భర్తలు రిటైరై పగలంతా ఇంట్లో ఉండటం దగ్గరే చాలామంది బాధ మొదలైందట. 1991లో ఆయన దానికో పేరే పెట్టాడు. భర్త ఇంట్లో ఉండటం వల్ల వచ్చే ఒత్తిడి అని దాని అర్థం. అలాంటి భర్తల్ని అక్కడ తడిసి రాలిన ఆకు అంటారని కూడా ఉంది. ఎండుటాకైతే చీపురుకి లేచిపోతుంది, తడి ఆకు చీపురునే అంటుకుని వదలదు కదా. చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. లైబ్రేరియన్ కళ్లద్దాల మీంచి చూశాడు.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పలేదు. చెబితే నవ్వుతారో నొచ్చుకుంటారో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోలేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పలక రోజుల్లో ఆయన మూడు మాటలు రాస్తే ముప్ఫై మాటలు అర్థమయ్యేవి నాకు.

*

ఒకరోజు టీచరు బుద్ధి పోక లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. క్యాలెండరు వెనక్కి తిప్పి పెన్సిలు పట్టుకున్నాను. ఆయన "ఎక్కడికి?" అన్నా, "ఏం చేస్తున్నావ్?" అన్నా, "ఎవరు ఫోను?" అన్నా ఒక గీత. నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఐదో గీత, పిల్లలకి నేర్పినట్టే. రాత్రి పడుకునే ముందు చూస్తే 23. ఆయన వచ్చి "ఏంటా గీతలు?" అన్నారు. 24.

విషయం చెప్పేశాను. మొహం చిన్నబుచ్చుకుంటారనుకున్నా. ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకున్నారు. మర్నాడు పొద్దుటి నుంచి ఆయన చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం. నేను చూసీ చూడనట్టున్నాను. రాత్రి బల్ల మీద పెట్టారు. "అలా కాదు" అని నేనన్న మాట ఆ రోజు 19 సార్లు. పక్కన టైములు కూడా రాశారు, లాగ్‌బుక్కు రాసే చెయ్యి కదా. 7.10కి బట్టలు ఆరవేస్తుంటే అలా కాదు. 7.12కి మళ్లీ. 9.40కి సంచి మడతపెడుతుంటే. 11.05కి "అలా కాదు, ఇటివ్వండి" అని చేతిలోంచి లాక్కున్నాను.

ఆ "ఇటివ్వండి" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడు దశాబ్దాలు ఎర్ర ఇంకు పెన్ను పట్టుకున్న చెయ్యి నాది. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేదు. ఇంట్లో దిద్దడానికి మిగిలింది ఒక్క నోటుపుస్తకమే, పాపం అది ఈయనే. ఆయన ఏదైనా అందుకోబోయిన ప్రతిసారీ నేను లాగేసుకుంటే ఇక ఆయనకి చెయ్యడానికి మిగిలేది అడగడమే. నా 24కీ ఆయన 19కీ చుట్టరికం ఉందని ఆ రాత్రే అర్థమైంది.

*

అయినా ఒక తగువు మాత్రం ఏ లెక్కకీ అందలేదు. నేను వంటింట్లోంచి ఏదో అంటాను. జవాబుండదు. రెండోసారి అంటాను. మూడోసారి గొంతు పెంచితే "అరుస్తావెందుకు?" అంటారు. టీవీ మాత్రం వీధి చివరికి వినపడేంత. నా మాటంటే లెక్కలేదు, టీవీ అంటే చెవికోసుకుంటారు అని నాకు ఉక్రోషం. ఒకసారి "తాళం ఎక్కడ పెట్టారు?" అంటే, "కాలందేముంది, అది పోతూనే ఉంటుంది" అని వేదాంతం చెప్పారు. వెటకారమనుకుని ఆ పూట మాట్లాడలేదు.

మా అమ్మాయి వచ్చి వారం ఉండి, "అమ్మా, నాన్న వినడం లేదనుకుంటున్నావు. నాన్నకి వినపడటం లేదు" అంది. చెవి పరీక్ష చేయించాం.

ఆ పరీక్ష కాగితం నాకు బాగా గుర్తు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. ఎడమ నుంచి కుడికి శబ్దం కీచుగా సన్నబడుతూ పోతుంది, 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా. పై నుంచి కిందికి ఎంత గట్టిగా మోగిస్తే వినపడిందో. గీత మొదట పైనే తిన్నగా నడిచి, 2000 దాటగానే మెట్లు దిగినట్టు కిందికి జారింది. 4000 దగ్గర 55 డెసిబెల్స్ దాకా పోతే గానీ ఆయనకి వినపడలేదు. వయసుతో వచ్చే చెవుడు ఇలా సన్నటి శబ్దాలతోనే మొదలవుతుందని, ఏళ్ల తరబడి మిషన్ల హోరు కూడా అక్కడే దెబ్బ కొడుతుందని పరీక్ష చేసినావిడ చెప్పింది. అచ్చుల్లో బలం లావు శబ్దాల దగ్గర ఉంటుంది. స, ష, త, క లాంటి హల్లుల్ని విడదీసి పోల్చుకోవాలంటే ఆ సన్నటి శబ్దాలే కావాలి. అందుకే ఎవరో మాట్లాడారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. తాళం కాలమైపోతుంది. గొంతు పెంచితే ముందే వినపడే అచ్చులు ఇంకా మోగిపోయి, మనిషి అరిచినట్టు ఉంటుంది గానీ మాట తేటపడదు. గోడ అవతలి నుంచి మాట్లాడితే ఆ హల్లులే ముందు అరిగిపోతాయి.

నేను వంటింట్లో కుళాయి తిప్పి, వీపు ఆయన వైపు పెట్టి, మధ్యలో గోడ ఉండగా మాట్లాడిన మాటలన్నీ లెక్కలోకి వచ్చాయి. విడివిడిగా బతికినన్నాళ్లూ ఇది ఎందుకు బయటపడలేదో కూడా తెలిసింది. రోజుకి గంటన్నర, ఎదురెదురుగా కూర్చుని, బల్లకి అటూ ఇటూ. మిగతాది పలక. చెవితో పనే లేదు.

వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నెలన్నర నస పెట్టారు. పెట్టిన మొదటి రోజు కాగితం మడిచినా ఉలిక్కిపడ్డారు. గిన్నె కింద పెడితే రెండు చేతులూ చెవుల మీద. రెండు వారాలకి సొరుగులో పడేశారు. మళ్లీ తీసుకెళితే, ఏళ్లుగా ఆ శబ్దాలు అందని మెదడుకి వాటిని మళ్లీ అలవాటు చెయ్యాలని, మొదట రోజుకి రెండు గంటలు, నిశ్శబ్దంగా ఉన్నప్పుడే పెట్టుకోమని చెప్పి కొంచెం సర్దారు. ఈసారి నిలిచింది. అయినా వంటింట్లోంచి పిలవడం నేను మానేశాను. చెప్పాల్సిందుంటే వెళ్లి ఎదురుగా నిలబడి చెబుతాను. అలా నడిచి వెళ్లాల్సొచ్చేసరికి చెప్పక్కర్లేని మాటలు సగం దారిలోనే రాలిపోతున్నాయి.

*

మధ్యాహ్నం వంట సంగతి ఆయన భాషలోనే తేల్చాం. షిఫ్టులు.

ఒకరోజు నేను, ఒకరోజు ఆయన. పది నుంచి పన్నెండున్నర దాకా వంటిల్లు ఎవరి షిఫ్టులో ఉంటే వాళ్లది. రెండోవాళ్లు గడప తొక్కకూడదు, ఏం వండుతున్నావని అడగకూడదు, బల్ల మీదికొచ్చింది తినాలి. షిఫ్టు దిగేటప్పుడు ఛార్జి అప్పగించాలి. అంటే ఏది అయిపోయిందో రాసి, స్టవ్వు తుడిచి, గిన్నెలు కడిగి మరీ బయటికి రావాలి. ఈ ఆఖరి షరతు నాది. అది లేకుండా ఒప్పుకుంటే ఆయన వండిన రోజున నాకు రెట్టింపు చాకిరీ అవుతుందని నాకు ముందే తెలుసు. వంట నేర్చుకున్న మగవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చెప్పుకునే బాధ సగం సింకు దగ్గరిదే.

మొదటి వారం ఆయన పదింటికి లోపలికెళ్లి ఒకటీ ముప్పావుకి బయటికొచ్చారు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాడారు. ఏదో మాడిన వాసన. నేను ముందు గదిలో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, నిజంగానే. "ఇటివ్వండి" అన్న మాట గొంతులో గిలగిల్లాడింది. రెండోసారికి నావల్ల కాలేదు, తలుపు దగ్గరికెళ్లి "మంట తగ్గించండి" అన్నాను. ఆయన గరిట కింద పెట్టి, చేతులు తుడుచుకుని, "అయితే నువ్వే చూసుకో" అని బయటికెళ్లిపోయారు. రెండు నెలలు షిఫ్టుల మాటే ఎత్తలేదు.

మళ్లీ మొదలెట్టింది నేనే. ఈసారి నేను చేసిన మార్పు ఒక్కటి. ఆయన షిఫ్టు ఉన్న పూట ఇంట్లో ఉండకపోవడం. గ్రంథాలయానికో, పాత సహోద్యోగుల ఇంటికో, ఏదీ లేకపోతే ఊరికే నడవడానికో. చూడకపోతే దిద్దబుద్ధి కాదు. పన్నెండున్నరకి వస్తే బల్ల మీద భోజనం ఉండేది. కొన్నాళ్లకి మాడిన వాసన పోయింది. ఇంకొన్నాళ్లకి డబ్బాలు ఆయనే వాడకం వారీగా మార్చారు. నేను చూసి ఏమీ అనలేదు. అది నా జీవితంలో కష్టపడి మింగిన మాటల్లో ఒకటి.

నా షిఫ్టు పూట ఆయన బయటికెళ్లడం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. ఆయన స్నేహాలన్నీ ఫ్యాక్టరీలోనే. గేటు మూసుకోగానే అవీ మూసుకుపోయాయి. ఆడవాళ్లం బడి వదిలినా ఒకరింటికొకరం వెళతాం, ఫోన్లు చేసుకుంటాం. మగవాళ్లకి పక్కన నిలబడి పనిచేస్తే తప్ప మాట రాదేమో. ఆయన దార్లో పడింది ఒక పాత సైకిళ్ల మెకానిక్ వల్ల. ఏదో బోల్టు బిగించడంలో సాయం చేసి, మర్నాడు మళ్లీ వెళ్లి, ఇప్పుడు వారానికి మూడు పూటలు అక్కడే. చేతులకి గ్రీజుతో వస్తారు. ఆ వాసన నాకు ఫ్యాక్టరీ రోజుల నుంచీ అలవాటే, ఇన్నాళ్లూ ఇంట్లో ఏం తక్కువైందో అప్పుడు తెలిసింది.

అందరికీ ఇలా కుదురుతుందని నేననను. ఆయనతో పనిచేసిన ఒకాయన రిటైరయ్యాక గడ్డం గీసుకోవడం మానేశాడు, పక్క మీద నుంచి లేవడు, తిండి సయించదు, టీవీ కూడా చూడడు. భార్య బద్ధకమనుకుని నెలల తరబడి పోట్లాడింది. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళితే డిప్రెషన్ అన్నారు. మందులు, మాట్లాడించే వైద్యం రెండూ పట్టాయి. ఇష్టమైనవన్నీ చప్పబడిపోయి రెండు వారాలు దాటినా మనిషి తేరుకోకపోతే కారణం కోసం ఇంట్లో వెతుక్కోకుండా తీసుకురమ్మని ఆ డాక్టరు చెప్పాడట. ఇంకో స్నేహితురాలి భర్త ఆవిడ గుమ్మం దాటితే చాలు గంటకి నాలుగుసార్లు ఫోను. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడూ అంతే, కాకపోతే తీరిక ఉండేది కాదు. దాన్ని సర్దుబాటు సమస్య అంటే నేనొప్పుకోను.

*

ఇప్పుడు మా సాయంత్రం నాలుగున్నర. నా బడి గంట కొట్టే టైమది, ఎందుకో అదే కుదిరింది. ఇద్దరం ముందు గదిలో ఎదురెదురుగా కూర్చుంటాం. టీవీ ఉండదు, చెవి యంత్రం ఉంటుంది. రెండోవాళ్లు చూడని సంగతి ఒక్కటైనా తేవాలి. సైకిలు చక్రం వంకర తియ్యడానికి ఊచల్ని ఒకటి బిగించి ఒకటి వదులు చెయ్యాలని, అంతా ఒకేసారి బిగిస్తే చక్రం కోడిగుడ్డయిపోతుందని మొన్న గంటసేపు చెప్పారు. నేను ఆఖరిదాకా విన్నాను. ఏమీ దొరకని రోజులుంటాయి, అప్పుడు ఊరికే కూర్చుంటాం.

పలక తుడిచి, ఊడిన చట్రానికి ఆయన చేతే మేకు కొట్టించి, పాత చోటే తగిలించాను. రంగులేసే అబ్బాయి కొత్త గోడకి కన్నం పెట్టారని బాధపడ్డాడు. ఇవాళ గ్రంథాలయం నుంచొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. పలక మీద ఏదో రాసుంది. కళ్లద్దాలు సంచిలో వెతుక్కుని దగ్గరికెళ్లి చూస్తే: "భోజనం బల్ల మీద. తాళం గూట్లో. ఎక్కడికి అని అడగొద్దు."

కింద సున్నా చుట్టి వచ్చాను.